మెటలోగ్రఫీ వైవా, రెండోసారి

ఇనుము గురించి నాలుగు ముక్కలు చెప్పలేక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోతుందంటే ఎవరైనా నవ్వుతారు. ఆ ఉద్యోగం నాది కాకపోయి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

అప్పుడు నేను మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. క్లాసులు దాదాపు అయిపోయాయి. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఇంటర్న్‌గా చేరి, అక్కడికి దగ్గర్లోనే ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. పని బాగానే చేస్తున్నానని కంపెనీవాళ్లు పర్మినెంట్ చేస్తామన్నారు. షరతు ఒకటే, డిగ్రీలో ఒక్క బ్యాక్‌లాగ్ కూడా ఉండకూడదు. నాకున్నది సరిగ్గా ఒక్కటే. అదేమైనా గణితమా, థర్మోడైనమిక్సా అంటే కాదు. రెండో సంవత్సరంలోని మెటలోగ్రఫీ ల్యాబు. లోహాన్ని నున్నగా రుద్ది, యాసిడ్ పూసి ఎచింగ్ చేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, దాని లోపలి గింజలనీ వాటి హద్దులనీ, అంటే గ్రెయిన్లనీ బౌండరీలనీ చూసే ల్యాబు. థియరీలో తప్పినవాళ్లు మా క్లాసులో చాలామందే ఉన్నారు గానీ ల్యాబులో తప్పిన ఘనత మాత్రం నాకే దక్కింది.

అదెలా జరిగిందో చెప్పాలి. వైవాకి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు, "గ్రెయిన్ బౌండరీలు మైక్రోస్కోప్‌లో నల్లగా ఎందుకు కనిపిస్తాయి?" అని అడిగారు. రికార్డులో ఉన్న వాక్యం ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. "ఎచింగ్ సూక్ష్మ నిర్మాణాన్ని బయటపెడుతుంది సార్." ఆయన మళ్లీ అదే ప్రశ్న అడిగారు. నేను మళ్లీ అదే జవాబు, ఈసారి కాస్త గట్టిగా చెప్పాను. మూడోసారి అడిగేసరికి నాకు తిక్క రేగింది. "రికార్డుల గట్లనే ఉంది సార్" అన్నాను. "అయితే మార్కులు రికార్డుకు వేయమంటావా?" అన్నారాయన. "వేయున్రి" అన్నాను. ఆయన ఎవరికి వేశారో తెలీదు గానీ నాకు మాత్రం వేయలేదు. ఆ తర్వాత వచ్చిన సప్లిమెంటరీ రోజుకి నేను జ్వరంతో మంచం మీద ఉన్నాను. అలా ఆ ల్యాబు నాలుగో సంవత్సరం దాకా నా మెడకు వేలాడింది.

ఇప్పుడు రెండో సంవత్సరం పిల్లలతో కలిసి మళ్లీ రాయాలి. ఇదీ తప్పితే కంపెనీ ఆఫర్ రద్దవుతుందని హెచ్‌ఆర్ నుంచి చాలా మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది. మర్యాదగా ఉన్నందుకే నాకింకా భయమేసింది. ఆ ఉద్యోగం నాకు కావాలి. మా జిల్లాకి తిరిగి వెళ్లి, ఏం చేస్తున్నావని అడిగే ప్రతి చుట్టానికీ జవాబు చెప్పుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు.

రోజూ ఆఫీసుకి ల్యాబు రికార్డు పట్టుకెళ్లి, లాప్‌టాప్ పక్కన తెరిచి పెట్టుకుని, కోడ్ బిల్డ్ నడుస్తున్నంతసేపూ పెదాలు కదుపుతూ బట్టీ పట్టేదాన్ని. ఒకరోజు వెనక నుంచి ఒక చేయి వచ్చి ఆ రికార్డును తీసుకుంది. తిరిగి చూస్తే మా టీం లీడ్.

ఆయనకి నలభై దాటాయి. భీమవరం వైపు మనిషి. స్టేటస్ మీటింగులో తప్ప ఎక్కువ మాట్లాడడు, ఆ మీటింగులో కూడా 'ఓకే' తప్ప పెద్దగా అనడు. అలాంటాయన నా రికార్డు పేజీలు తిప్పుతుంటే మొహం వెలిగిపోయింది.

"ఇది మెటలోగ్రఫీయేనా?"

"అవును సార్. బ్యాక్‌లాగ్."

"నేను మెటలర్జీ చదివానమ్మా" అన్నాడు, ఎన్నాళ్లుగానో ఎవరికీ చెప్పని సంగతి చెప్పినట్టు.

"మరి గీ సాఫ్ట్‌వేర్‌లకెందుకొచ్చిన్రు సార్?"

"అందరూ ఎందుకొచ్చారో నేనూ అందుకే. ఎగ్జామ్ ఎప్పుడు?"

చెప్పాను. ఆయన రికార్డు మూసేసి తన చంకలో పెట్టుకున్నాడు. "రేపటి నుంచి టీ టైముకి ప్యాంట్రీకి రా. ఇది మాత్రం నా దగ్గరే ఉంటుంది." నా బట్టీ కాస్తా ఆ చంకలోకి పోయింది. ఒళ్లు మండింది, అయినా లీడ్‌తో ఏం గొడవ పడతాం.

మా ఆఫీసులో ఎవరూ ఎవర్నీ సార్ అనకూడదని నియమం. నాకు అలవాటై ఆయన్ని సార్ అంటుంటే రోజూ దిద్దేవాడు. ప్యాంట్రీలో వైవా మొదలైన రోజు నుంచి దిద్దడం మానేశాడు. పైగా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఐడీ కార్డు చొక్కా జేబులో దాచి, టీ కప్పు పక్కన పెట్టి అచ్చం ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు లాగా కూర్చునేవాడు. ఎగ్జామినరు వేషంలో ఉన్నప్పుడు నన్ను అండీ అనేవాడు, వేషం తీసేస్తే అమ్మా అనేవాడు. దాన్నిబట్టే ఆయన ఎప్పుడు ఎవరో నాకు తెలిసేది.

మొదటి రోజు మొదటి ప్రశ్న: "ఎచింగ్ ఎందుకు చేస్తారండీ?"

"సూక్ష్మ నిర్మాణాన్ని బయటపెట్టడానికి సార్."

"అది రికార్డు అట్ట మీద కూడా రాసుంటుంది. నేనడిగేది అది కాదు. పాలిష్ చేసిన ఉక్కును మైక్రోస్కోప్ కింద పెడితే లోపలున్నది అప్పుడే ఎందుకు కనపడదు?"

నాకు కోపమొస్తే నోరు ఎక్కువ లేస్తుంది, తెలియకపోతే అసలు లేవదు. ఆయన వేషం తీసేశాడు. ప్యాంట్రీ గట్టు మీది గ్రానైట్‌ను చేత్తో తుడిచి, "ఇందులో గింజలు కనపడుతున్నాయా?" అన్నాడు.

"కనపడుతున్నయ్."

"దీనికి యాసిడ్ పూశారా ఎవరైనా?"

"లేదు. రాయి కదా సార్."

"రాయి అని కాదమ్మా. ఇందులో ఒక్కో గింజ ఒక్కో ఖనిజం. నల్లదొకటి, తెల్లదొకటి, గులాబీదొకటి. రంగే తేడా చెబుతుంది. ఉక్కులో ఫెర్రైట్ గ్రెయిన్లు, అంటే దాదాపు శుద్ధమైన ఇనుము గింజలు, అన్నీ ఒకే పదార్థం, ఒకే రంగు. పాలిష్ చేస్తే మొత్తం ఒకే అద్దం. పడ్డ వెలుతురంతా అన్నిచోట్ల నుంచీ ఒకేలా వెనక్కొస్తుంది. ఇంక దేన్ని చూసి తేడా పట్టుకుంటావు?"

"మరి తేడా ఏడుంది సార్, అంతా ఒకటే అయితే?"

ఆయన పైకి చూపించాడు. మా ప్యాంట్రీకి సీలింగ్ కప్పలేదు, ఏసీ గొట్టాలు బయటికే కనిపిస్తాయి. ఆ రేకు మీద మంచు పూలలాంటి మచ్చలు, ఒకటి మెరుస్తుంటే పక్కది మసకగా ఉంది. రోజూ వాటి కిందే టీ తాగుతాను గానీ ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

"అది రేకు మీద పూసిన జింకు. ఒక్కో మచ్చా ఒక్కో గ్రెయిన్. అన్నీ జింకే, కానీ ఒక్కోదాంట్లో ఆటమ్‌ల వరసలు ఒక్కో వైపు తిరిగి ఉంటాయి. అందుకే వెలుతురు ఒక్కోదాని నుంచి ఒక్కోలా వస్తుంది. ఒక మచ్చ ఆగిపోయి ఇంకోటి మొదలయ్యేచోటు ఉందే, అదే బౌండరీ. ఉక్కులో ఇవి కంటికి ఆననంత చిన్నవి, పైగా పాలిష్ చేస్తే పైకి తేడా తెలియదు. అంతే తేడా."

నేను మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. రెండేళ్ల కిందట ఎవరైనా నన్ను ఇలా తలెత్తమని ఉంటే ఈ తిప్పలన్నీ ఉండేవి కావు కదా అని నిజంగానే కోపం వచ్చింది. ఆ సాయంత్రం హాస్టల్‌కి వెళ్తూ దారిలో ఉన్న ప్రతి రేకునీ, ప్రతి బకెట్‌నీ ఆగి ఆగి చూశాను. హార్డ్‌వేర్ దుకాణమాయన కొంటావా లేదా అని అడిగాడు.

మర్నాడు బౌండరీ వంతు వచ్చింది. లీడ్ తన సొంతింటి కథ ఎత్తుకున్నాడు. కొత్తగూడలో ఫ్లాట్ కొన్నప్పుడు హాల్లో టైల్స్ వేయడానికి ఇద్దరు మేస్త్రీలు వచ్చారట. ఒకాయన ఒక గోడ నుంచి, ఇంకొకాయన ఎదుటి గోడ నుంచి మొదలుపెట్టారు. ఇద్దరి వరసలూ తిన్నగానే ఉన్నాయి, కానీ ఒకరి వరస ఇంకొకరి వరసకు కాస్త వంకరగా వచ్చింది. మధ్యలో కలిసేచోట ఏ టైలూ సరిగ్గా ఇమడలేదు. ముక్కలు కోసి ఇరికించారు. ఇల్లు తుడిచిన ప్రతిసారీ ఊడేది ఆ ముక్కలేనట.

"ఇప్పుడు చెప్పండి. ఎచింగ్‌లో బౌండరీ ముందెందుకు కరుగుతుంది? రికార్డు భాష వద్దు. మీ ఇంట్లో చెప్పినట్టు చెప్పండి."

"సార్, ఆడ ఆటమ్‌లు సరిగ కూసోలేవు. రెండు దిక్కుల వరసల నడుమ ఇరుక్కొని పరేషాన్ మీద ఉంటయ్. యాసిడ్ రాంగనే ముందుగాల గవే లేసిపోతయ్. ఆడ సన్నటి కాలువ పడ్తది."

ఆయన బల్ల చరిచాడు. టీ ఒలికింది. "ఇదే! దీన్నే ఇంగ్లీషులో చెప్తే ఫుల్ మార్కులు. పరేషాన్ బదులు హయ్యర్ ఎనర్జీ అనండి చాలు. మరి ఆ కాలువ నల్లగా ఎందుకు కనపడుతుంది? అక్కడ నల్లది ఏముంది?"

"మురికి...?"

"ఏమీ లేదండీ! కాలువ గోడలు వాలుగా ఉంటాయి. పైనుంచి పడిన వెలుతురు ఆ వాలుకి తగిలి పక్కకు పోతుంది. లెన్సులోకి తిరిగి రాదు. రాని చోటు నల్లగా ఉంటుంది. నువ్వన్నావే, ఈ ఒక్క జవాబు రాకే నిన్ను ఫెయిల్ చేశారమ్మా."

మధ్యలో ఆయన అండీ నుంచి అమ్మాలోకి వచ్చేశాడు. నాకు నవ్వాగలేదు.

అలా రోజూ టీ టైముకి ఒక కోర్టు నడిచేది. మా టెస్టింగ్ టీంలోని అక్క ఒకామె బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని ప్రేక్షకురాలిగా వచ్చి కూర్చునేది. ఆమెది వరంగల్. లోహానికీ ఆమెకీ ఏ సంబంధమూ లేదు గానీ నాకంటే మంచి ప్రశ్నలు అడిగేది.

"ఉక్కుకు ఏ ఎచెంట్ వాడతారండీ?"

"నైటాల్ సార్. ఆల్కహాల్‌లో రెండు శాతం దాకా నైట్రిక్ యాసిడ్."

"ఏది దేంట్లో పోయాలి?"

"ఆల్కహాల్‌లో యాసిడ్ కొద్దికొద్దిగ పొయ్యాలె. తిరగేసి పోయొద్దు."

"ఇత్తడికి?"

"ఫెర్రిక్ క్లోరైడ్. నైటాల్ కాదు."

"రుద్దేటప్పుడు ఎమరీ పేపర్ మార్చినప్పుడల్లా స్పెసిమెన్ ముక్కను తొంభై డిగ్రీలు ఎందుకు తిప్పుతారు?"

"పాత గీతలకు కొత్త గీతలు అడ్డంగ పడతయ్. పాతవి పూర్తిగ పోయినయా లేదా కండ్లకు తెలుస్తది."

"ఎచింగ్ ఎంతసేపు?"

ఇక్కడ నేను రికార్డులో ఉన్న సెకన్ల లెక్క మొదలుపెట్టబోయాను. ఆయన చేయి ఎత్తి ఆపాడు. అక్క అడిగింది, "మరి గడియారం చూడకపోతే ఎట్ల తెలుస్తది అన్నా, అయిందని?"

"అద్దం మబ్బు పట్టేదాకా" అన్నాడాయన. "మెరుపు పోయి పల్చగా మసకేస్తుంది. అదే గుర్తు. వెంటనే నీళ్లు, తర్వాత ఆల్కహాల్, తర్వాత వేడిగాలి. తక్కువైతే గీతలు సరిగ్గా తేలవు, ఇంకొంచెం పూయొచ్చు. ఎక్కువైతే మొత్తం నల్లగా మాడినట్టయి గుంటలు పడతాయి. అప్పుడింకో దారి లేదు, మళ్లీ పాలిష్ దగ్గరికి పోవాల్సిందే."

"దోశ లెక్క" అంది అక్క.

"దోశ మాడితే మళ్లీ పిండి కాదు కదండీ. ఉక్కు నయం" అన్నాడు లీడ్.

అన్నీ ఇంత సాఫీగా సాగలేదు. ఒకరోజు ఎచింగ్ అయ్యాక ఏం చేస్తావంటే, గుడ్డతో తుడుస్తానన్నాను. లీడ్ కప్పు ఠక్కున పెట్టి, "తుడిస్తే గీతలు పడతాయి! నువ్వు ఫెయిల్! వెళ్లు!" అని అరిచాడు. ప్యాంట్రీలో అందరూ తిరిగి చూశారు. ఆ రోజు పొద్దున్నే కోడ్ రివ్యూలో కూడా తిట్లు తిని ఉన్నాను. ఇంక ఆగలేదు.

"మీరెప్పుడన్న చేసిన్రా సార్, చెప్పుడేనా?"

అక్క నా మోచేయి గిల్లింది. లీడ్‌కి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"చేశానమ్మా. చదువుకునేటప్పుడు రోజంతా ల్యాబులోనే ఉండేవాణ్ని. బయటికొచ్చాక సైబర్ టవర్స్ పక్కన ఉద్యోగం వచ్చింది. ఇంక మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్లే పనే పడలేదు."

నాకు చాలా సిగ్గేసింది. సారీ అని చెప్పాను. ఆయన కళ్లజోడు మళ్లీ ముక్కు మీదికి జార్చుకుని, "సరేనండీ, గ్రెయిన్లు చిన్నవైతే ఉక్కు గట్టిపడుతుందా, మెత్తబడుతుందా?" అన్నాడు. గట్టిపడుతుందన్నాను. గ్రెయిన్లు చిన్నవైతే బౌండరీలు ఎక్కువ, లోపల జారాలనుకునే వరసలకు అడుగడుగునా అడ్డం పడతాయి అని. అక్క నాకొక బిస్కెట్ ఇచ్చింది.

పరీక్ష రోజు వచ్చింది. కాలేజీ ప్రగతి నగర్ దాటాక ఉంటుంది. బస్సు చెరువు పక్కన వెళ్తున్నంతసేపూ నైటాల్, నైటాల్ అని గొణుక్కుంటూనే ఉన్నాను. ల్యాబు ముందు రెండో సంవత్సరం పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. నేను సప్లిమెంటరీ అని వాళ్లకి ముందే తెలుసు. ఒకమ్మాయి చాలా ఆదరంగా దగ్గరికొచ్చి, "అక్కా, మీరు ఏ క్వశ్చన్‌కి ఫెయిలైన్రు? మేం గదొక్కటి మంచిగ చదువుకుంటం" అంది. చెప్పాను. ఏం చేస్తాం, ఎవరికో ఒకరికి పనికి రావాలి కదా.

ఇక్కడ మా ల్యాబు ఆచారం ఒకటి చెప్పాలి. అద్దాల పెట్టెలో ఎప్పుడో తయారుచేసి ఎచింగ్ చేసిన స్పెసిమెన్లు ఉంటాయి, ఒక్కోదానికీ ఒక నంబరు. ఏ నంబరు ఏ లోహమో అందరికీ కంఠతా వచ్చు. దాని బొమ్మ కూడా కంఠతా వచ్చు. నంబరు చేతికి రాగానే పెన్సిలుతో ఒక వలయం, అందులో తేనెపట్టు లాంటి గదులు, అక్కడక్కడ నల్లగా షేడింగు, పక్కన బాణం గుర్తుతో ఫెర్రైట్, పెర్లైట్ అని రాయడం. మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టినట్టు నటించేవాళ్లే గానీ నిజంగా చూసేవాళ్లు తక్కువ. నేనూ ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని ఎవరికీ అనిపించలేదు. బొమ్మ రికార్డులో ఉంది కదా.

ఈసారి ఎక్స్‌టర్నల్ ఒక మేడం. నెరిసిన జుట్టు, నేత చీర, నవ్వని మొహం. మా కాలేజీ తరఫు ఇంటర్నల్ సార్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేడం ఒక్కొక్కరికీ ఒక స్పెసిమెన్ ఇస్తూ, "మైక్రోస్కోప్‌లో చూసి, కనిపించింది గీయండి. తర్వాత మాట్లాడదాం" అన్నారు. నాకు తక్కువ కార్బన్ ఉక్కు వచ్చింది. అందరికంటే తేలికైన బొమ్మ. మనసులో దండం పెట్టుకున్నాను.

నా వంతు వచ్చినప్పుడు మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టాను. తెల్లగా ఉంది. ఫోకస్ తిప్పాను. ఇంకా తెల్లగా ఉంది. రెండు మూడు చిన్న నల్ల చుక్కలు తప్ప ఏమీ లేవు. మైక్రోస్కోప్ పాడైందేమో, నా కన్నే పాడైందేమో, ఇంకేదైనా తప్పు చేశానేమో. పక్క బెంచీకేసి చూస్తే ఆ ఆదరం చూపించిన అమ్మాయి తన వలయం నిండా ముద్దుగా తేనెపట్టు గీసేసి షేడింగు కూడా మొదలుపెట్టింది. అందరి కాగితాల మీదా అదే తేనెపట్టు. నా పెన్సిల్ కూడా ఆ తేనెపట్టు వైపే పోతోంది. చేతికి అలవాటైపోయింది మరి.

మళ్లీ చూశాను. అద్దంలాగా ఉంది. అంతా ఒకేలా మెరుస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. దీనికి ఎచింగే చేయలేదు!

వెలిగింది గానీ ధైర్యం రాలేదు. అందరూ గదులు గీసిన చోట నేనొక్కదాన్ని ఖాళీ వలయం ఇస్తే, తప్పైతే ఉద్యోగం పోతుంది. అందరితోబాటు తేనెపట్టు గీస్తే, తప్పైనా అందరితోబాటు పోతాను, అంత నొప్పి ఉండదు. కూర్చుని చాలాసేపు ఆలోచించాను. చివరికి నా తిక్కే నన్ను గట్టెక్కించింది. కనిపించనిది ఎందుకు గీయాలె అనిపించింది. ఖాళీ వలయం గీసి, అందులో మూడు చుక్కలు పెట్టి, పెన్సిల్ కింద పెట్టేశాను.

మేడం వరసగా చూస్తూ నా దగ్గర ఆగారు. "ఇదేంటి?"

"కనిపించింది గీసిన మేడం."

"గ్రెయిన్లు ఏవి?"

"ఉన్నయ్ మేడం, కానీ కనబడయ్. ఇది పాలిష్ చేసి వదిలేసిన్రు. ఎచింగ్ చెయ్యలేదు. వెలుతురు మొత్తం ఒక్కతీరుగ తిరిగొస్తుంది. ఈ చుక్కలు ఇంక్లూజన్లు, ఉక్కుల ఉండే మలినాలు. అవి ఎచింగ్ లేకుండనే కనబడతయ్."

పరీక్షలో ఇంగ్లీషులో చెప్పాలన్న సంగతే మర్చిపోయాను. వెనక ఎవరో నవ్వారు. మేడం వెనక్కి తిరిగి, "వీళ్లందరికీ కనిపించాయి కదా?" అన్నారు.

"గా సంగతి నాకు తెల్వది మేడం."

ఇంటర్నల్ సార్ కళ్లు మూసుకున్నారు. అప్పుడు మేడం మొదటిసారి నవ్వారు. "పొద్దున్నే వచ్చి స్పెసిమెన్లన్నీ మళ్లీ పాలిష్ చేయించాను. ఎవరు చూస్తారో చూద్దామని. వెళ్లి ఎచింగ్ చేసి తీసుకురా."

గ్లవ్స్ వేసుకుని, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కింద నైటాల్‌లో దూది ముంచి అద్దం మీద అద్దాను. గడియారం వైపు చూడలేదు. మెరుపు మీద పల్చగా మసక కమ్ముకోగానే కుళాయి కింద పెట్టాను. ఆల్కహాల్, తర్వాత వేడిగాలి. దేనితోనూ తుడవలేదు. మైక్రోస్కోప్ కింద పెడితే గీతలు వచ్చీ రానట్టున్నాయి.

"తక్కువైంది మేడం. ఇంకొంచెం చేస్త."

ఆవిడ తలూపారు. మళ్లీ ఒక్క క్షణం అద్ది, కడిగి, ఆరబెట్టి, కన్ను పెట్టాను.

అబ్బ! తెల్లటి గ్రెయిన్లు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి నల్ల గీతలు. తేనెపట్టు కానే కాదు. ఒకటి పెద్దది, ఒకటి బుల్లిది, ఒకటి వంకరది, ఏ రెండూ ఒకలా లేవు. సందుల్లో అక్కడక్కడ నల్లటి పెర్లైట్ ముద్దలు. రికార్డులో అన్నిసార్లు గీసిన బొమ్మ, ఉక్కు లోపల నిజంగా ఉంటుందని నేను నమ్మింది ఆ క్షణంలోనే. కళ్లలో నీళ్లు తిరిగి అంతా మసకైపోయింది, మళ్లీ తుడుచుకుని చూడాల్సి వచ్చింది.

"పెర్లైట్ నల్లగా ఎందుకుంది?" మేడం పక్క నుంచే అడిగారు.

"అది నిజంగ నలుపు కాదు మేడం. ఫెర్రైట్, కార్బన్‌తోని కలిసిన సిమెంటైట్ పొరలు పొరలుగ ఉంటయ్. ఈ మాగ్నిఫికేషన్‌ల విడివిడిగ కనబడవు, కలిసి నల్లగ కొడతది. ఇంక పెద్దగ చేస్తే పొరలు కనబడతయ్."

"ఎచింగ్ లేకుండా గ్రే కాస్ట్ ఐరన్ ఇస్తే ఏం గీస్తావు?"

"దాంట్ల ఉండే కార్బన్ రేకులు, గ్రాఫైట్ గీస్త మేడం. అది పాలిష్‌లనే కనబడతది."

"పోయినసారి ఎందుకు ఫెయిలయ్యావు?"

ఈ ప్రశ్నకి లీడ్ జవాబు నేర్పలేదు. "ఎన్నడూ చూడకుండనే చెప్పిన మేడం" అన్నాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత గదంతా వినబడేలా, "అందరూ గీసినవి కొట్టేయండి. లైన్లో వచ్చి ఈ మైక్రోస్కోప్‌లో చూడండి. చూసినాక, మీ స్పెసిమెన్ ఎచింగ్ చేసుకుని మళ్లీ గీయండి" అన్నారు.

"అక్కా, నీ పుణ్యాన షేడింగ్ అంతా పాయె" అంది పక్క బెంచీ అమ్మాయి, లైన్లో నిలబడుతూ. తన వంతు వచ్చి కన్ను పెట్టాక మాత్రం ఎంతసేపటికీ లేవలేదు. వెనకవాళ్లు జరుగు జరుగు అని తొయ్యాల్సి వచ్చింది.

బయటికి వస్తుంటే ఇంటర్నల్ సార్ గుమ్మం దాకా వచ్చి, "ఇంకోసారి ఈ ల్యాబులో నీ మొహం చూపించకమ్మా" అన్నారు నవ్వుతూ. పాసయ్యానని అంతకన్నా సూటిగా ఆయన చెప్పలేరు. ఫలితం తర్వాత వచ్చింది, కంపెనీ పర్మినెంట్ చేసిన కాగితమూ వచ్చింది. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు నాకు ఎక్కువ గుర్తున్నది అది కాదు.

బస్‌స్టాపులో నిలబడి లీడ్‌కి ఫోన్ చేశాను. మీటింగులో ఉండే టైమది. అయినా మొదటి రింగుకే ఎత్తాడు. వెనక మాటలు వినిపించాయి, తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఎలా ఉందమ్మా?"

"పాసైనట్టే సార్! మేడం మస్తు ఖుష్ అయిన్రు. ఇగ ఫికర్ లేదు!"

"అది సరేలే. నేనడిగేది అది కాదు. మైక్రోస్కోప్‌లో చూశావు కదా. ఎలా ఉంది?"

చెప్పాను. మొదట ఏమీ లేని తెలుపు. తర్వాత మసక. తర్వాత గీతలు ఒక్కొక్కటే తేలడం. ఏ రెండూ ఒకలా లేకపోవడం. ఆయన మధ్యలో ఆపి అడుగుతున్నాడు, పెర్లైట్ మూలల్లో ఉందా, గీతలు సన్నగా వచ్చాయా, లావుగా వచ్చాయా, తెలుపు బాగా తెల్లగా ఉందా అని. అన్నీ చెప్పాను. తర్వాత అవతల నుంచి చప్పుడు లేదు. లైన్ కట్టయిందేమోనని, "సార్?" అన్నాను.

"ఉన్నానమ్మా" అన్నాడు. "ఇంకోసారి చెప్పవా? మొదటి నుంచి."

మాదాపూర్ వెళ్లే బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎక్కమని చేయి ఊపాడు. నేను తల అడ్డంగా ఊపి, ఎండ తగలకుండా షెల్టరు లోపలికి జరిగి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.